ఇంజన్ బేరింగ్ షెల్స్ బిగించేటప్పుడు ఆయిల్ పొర నిలబడేలా చూసుకోవడం ఎలా

డీజిల్ ఇంజన్ విప్పి షెల్స్, అంటే క్రాంక్ ని చుట్టి పట్టుకునే సగం గుండ్రం బేరింగ్ ముక్కలు, మార్చుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా, ముఖ్యంగా ట్రాక్టర్ ఇంజన్ సొంతంగా దించుకునే రైతులూ కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్ళూ చదవాలని. షెల్స్ బిగించడం అంటే పాతవి తీసి కొత్తవి పెట్టి బోల్టులు టైట్ చెయ్యడమే కదా అనుకుంటారు చాలామంది, కానీ అక్కడ మనం నిజంగా బిగించేది ఇనుముని కాదు, ఇనుముకీ ఇనుముకీ మధ్య ఆయిల్ ఉండే సందుని. ఆ సందు కరెక్ట్ గా కుదిరితే క్రాంక్ షెల్ ని తాకకుండా వేల గంటలు తిరుగుద్ది, కుదరకపోతే ఎంత మంచి షెల్స్ వేసినా సీజన్ మధ్యలో చప్పుడు మొదలవుద్ది.

ముందు ఒక లెక్క చూడండి. బోర్ 100 ఎంఎం ఉన్న ఇంజన్ లో డీజిల్ మండినప్పుడు పిస్టన్ మీద 80 బార్ ప్రెషర్ వచ్చిందనుకుందాం, అంటే ఆ క్షణంలో పిస్టన్ మీద దాదాపు 6 టన్నుల పైన బరువు పడ్డట్టు. అదంతా కనెక్టింగ్ రాడ్ మీదుగా దిగి క్రాంక్ పిన్ మీదకే వస్తది. పిన్ 60 ఎంఎం, షెల్ వెడల్పు 30 ఎంఎం అనుకుంటే ఆ కాస్త చోటులో సగటున 350 బార్ దాకా నొక్కుడు. ఇప్పుడు మీ ఆయిల్ మీటర్ చూడండి, 3 బారో 4 బారో చూపిస్తది. 4 బార్ తో తోసే పంపు 350 బార్ ని ఎలా మోస్తది? మొయ్యదు. పంపు పని ఆయిల్ ని బేరింగ్ దాకా తెచ్చి ఇవ్వడం వరకే. బరువు మోసే ప్రెషర్ ని అక్కడికక్కడ పుట్టించేది తిరిగే క్రాంకే.

అదెలాగంటే, షెల్ లోపలి గుండ్రం కన్నా పిన్ కొంచెం చిన్నది. బరువు పడగానే పిన్ ఒక పక్కకి జరుగుద్ది, అప్పుడు ఒక వైపు సందు వెడల్పుగా ఉండి, పోను పోను సన్నబడి, ఒకచోట అతి సన్నగా అవుద్ది. చెక్క చీల్చే మేకు ఆకారం గుర్తు తెచ్చుకోండి, ఒక కొస లావు ఒక కొస సన్నం, ఆ సందు సరిగ్గా అలాగే ఉంటది. ఆయిల్ కి జిడ్డు ఉంది కాబట్టి తిరిగే పిన్ ఒంటికి అంటుకుని దాంతోపాటే లావు వైపు నుంచి సన్నం వైపుకి పోతది. ముందు దారి ఇరుకు, వెనక నుంచి ఇంకా ఆయిల్ వస్తానే ఉంటది, పక్కలకి పోదామంటే ఆ పల్చటి సందులో అంత తొందరగా పోలేదు, అందుకని లోపల ప్రెషర్ వందల బార్లకి పెరిగి పిన్ ని షెల్ నుంచి దూరంగా ఎత్తి పట్టుకుంటది. వాన నీళ్ళు నిలిచిన రోడ్డు మీద స్పీడుగా పోతే కారు టైరు నీళ్ళ మీద తేలి బ్రేక్ అందకుండా పోతది చూశారా, అదే సంగతి. రోడ్డు మీద అది మనకి ప్రమాదం, బేరింగ్ లో అదే మనకి కావాల్సింది.

అతి సన్నంగా ఉన్న చోట ఆ పొర మందం ఎంతో తెలుసా, బరువు గట్టిగా ఉన్నప్పుడు ఒకట్రెండు మైక్రాన్లు, మామూలుగా ఇంకొన్ని మైక్రాన్లు. మన తల వెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు. ఇది మనసులో పెట్టుకుంటే కింద చెప్పే ప్రతి స్టెప్ ఎందుకో అర్థమవుద్ది.

ఇంకోటి, ఇది స్పీడ్ ఉంటేనే జరుగుద్ది. ఎడ్లబండి ఇరుసుకి గడ్డి మసిలో ఆముదం కలిపిన కందెన పెట్టేవాళ్ళు, ఎందుకంటే బండి చక్రం తిరిగే నెమ్మదికి పల్చటి నూనె మేకులాగా దూరి ఎత్తదు, కాబట్టి చిక్కగా అంటుకునే పదార్థమే ఉండాలి. మన 60 ఎంఎం పిన్ మాత్రం 2000 ఆర్పీఎం లో సెకనుకి 6 మీటర్ల పైన పరిగెడతది, అందుకే దానికి పల్చటి ఆయిలే చాలు. ఇంజన్ స్టార్ట్ చేసే మొదటి క్షణాల్లోనూ ఆపే చివరి క్షణాల్లోనూ మాత్రం ఎత్తేది ఏమీ ఉండదు, ఇనుము ఇనుముని తాకుతది, షెల్ మీద ఆ మెత్తటి పూత పెట్టేది దానికోసమే.

ఇక పని.

మొదటి స్టెప్, పాత షెల్స్ ని పారెయ్యకుండా చదవండి. విప్పేటప్పుడే ఏ షెల్ ఏ సిలిండర్ దో, పైదో కిందదో, వెనకవైపు మార్కర్ తో రాసుకోండి. బిగ్ ఎండ్ లో, అంటే రాడ్ క్రాంక్ పిన్ ని పట్టుకునే చోట, బరువు రాడ్ వైపు షెల్ మోస్తది, ఎందుకంటే రాడ్ పై నుంచి పిన్ ని కిందకి నొక్కుద్ది. మెయిన్లలో, అంటే క్రాంక్ బ్లాక్ లో కూర్చునే బేరింగుల్లో, క్రాంక్ కిందకి నొక్కబడుద్ది కాబట్టి క్యాప్ వైపు, అంటే కింది షెల్ మోస్తది. కాబట్టి ఆ షెల్స్ మధ్యలో సమంగా మసకబారి అరిగితే అది న్యాయమైన అరుగుదల. అలా కాకుండా ఒక అంచునే మెరుస్తా ఉంటే పిన్ టేపర్ అయ్యిందని, అంటే ఒక కొస లావు ఒక కొస సన్నం అయ్యిందని, పై షెల్ కి ఒక అంచు కింది షెల్ కి ఎదురు అంచు అరిగితే రాడ్ వంగిందని అనుమానించాలి. గీతలు గీతలుగా ఉంటే దుమ్మో లోహపు రజనో ఆయిల్ తో వచ్చింది. ఒకేచోట గుండ్రంగా మెరిసే మచ్చ ఉంటే షెల్ ని తిరగేసి వీపు చూడండి, అక్కడ ఒక చిన్న ఇసుక రేణువో ఆరిపోయిన మట్టో ఇరుక్కుని ఉంటది, అదే షెల్ ని లోపలికి ఉబ్బించింది. రాగి రంగు బయటపడితే పైపూత పోయిందని అర్థం, ఇక దాన్ని మళ్ళీ పెట్టే మాటే లేదు.

రెండో స్టెప్ పిన్ కొలవడం. వేలుతో తడిమి నున్నగా ఉందిలే అని వదిలెయ్యకండి, మైక్రోమీటర్ తో ప్రతి పిన్ ని రెండు చోట్ల, ఒక్కో చోట నాలుగు దిక్కులా కొలవండి. పిన్ అన్ని పక్కలా ఒకేలా అరగదు, బరువు పడే వైపే ఎక్కువ అరిగి గుడ్డు ఆకారం అవుద్ది. గుడ్డులా ఉన్న పిన్ తిరుగుతున్నప్పుడు ఆ మేకు సందు ప్రతి చుట్టుకీ మారిపోతా ఉంటది, ఒక క్షణం కుదిరి ఒక క్షణం కుదరక పొర తెగుద్ది. తేడా ఎంతవరకు పర్లేదు అనేది మీ ఇంజన్ బుక్ లో ఉంటది, దాటితే పాలిష్ తో సరిపెట్టొద్దు, గ్రైండింగ్ కే పంపండి. గ్రైండింగ్ నుంచి వచ్చాక పిన్ కొసల్లో ఉండే గుండ్రటి మూల అలాగే ఉందా అని చూడండి, దాన్ని పదునుగా కోసేస్తే క్రాంక్ అక్కడే విరుగుద్ది. ఆయిల్ రంధ్రం అంచులు కూడా చేత్తో మెత్తగా చెయ్యాలి. రంధ్రాల లోపల గ్రైండింగ్ రజను ఇరుక్కుని ఉంటది, సన్నని బ్రష్ పెట్టి డీజిల్ తో కడిగి ఎయిర్ కొట్టండి, ఒక్కసారి కాదు, గుడ్డ తెల్లగా వచ్చేదాకా. పొర మందం కొన్ని మైక్రాన్లే అని పైన చెప్పా, గ్రైండింగ్ రాయి రేణువు దానికన్నా చాలా పెద్దది.

మూడో స్టెప్ గాడి ఉన్న షెల్ ఎటు పెట్టాలో చూసుకోవడం. మెయిన్ బేరింగుల్లో చాలా ఇంజన్లకి ఒక షెల్ కి మధ్యలో గాడి ఉంటది, ఇంకోటి సాదాగా ఉంటది. గాడి ఉన్నది పైన బ్లాక్ వైపు, సాదాది కింద క్యాప్ వైపు. ఇది తిరగబడితే ఏమవుద్దో చెప్పడానికి ఒక పాత సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైన సంగతి కూడా. 1883 ప్రాంతంలో ఇంగ్లండ్ లో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగ్ మీద ప్రయోగాలు చేస్తున్నాడు. రైలు ఇరుసులో బరువు పైనుంచి పడుద్ది, బేరింగ్ పైనే ఉంటది. ఆయిల్ పొయ్యడానికని ఆయన బేరింగ్ నడినెత్తిన రంధ్రం పెట్టాడు, ఇరుసు తిరగ్గానే ఆయిల్ లోపలికి పోవడం మానేసి రంధ్రంలోంచి బయటికి ఉబికి వచ్చింది. బిరడా కొడితే బిరడా బయటికొచ్చింది, చెక్క మేకు కొడితే అదీ నెమ్మదిగా బయటికే వచ్చింది. ప్రెషర్ మీటర్ పెడితే 200 పీఎస్ఐ మీటరు చాల్లేదు, అప్పటికి బేరింగ్ మీద ఉన్న సగటు బరువు మాత్రం 100 పీఎస్ఐ. ఆ ప్రెషర్ ఎలా పుడుతుందో 1886 లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ లెక్క కట్టి చెప్పాడు, ఇవాళ్టికీ బేరింగ్ డిజైన్ చేసేవాళ్ళు ఆ లెక్కతోనే మొదలుపెడతారు.

మనకి అందులో పనికొచ్చేది ఏంటంటే, బరువు మోసే చోట రంధ్రం గానీ గాడి గానీ పెడితే అది ఆయిల్ ఇచ్చే దారి కాదు, ప్రెషర్ కారిపోయే దారి. పైగా గాడి షెల్ ని రెండు సన్నని ముక్కలు చేస్తది. ఇరుకు బేరింగ్ మోసే బరువు దాని వెడల్పుకి మూడో ఘాతంలో మారుద్ది, అంటే వెడల్పు సగమైతే మోసేది ఎనిమిదో వంతు. అలాంటి ముక్కలు రెండు కలిపినా ముందున్న దాంట్లో నాలుగో వంతే. గాడి షెల్ కింద పెట్టిన మెయిన్ బేరింగ్ పరిస్థితి ఇది. ఇంకా ఘోరం, సాదా షెల్ కి ఆయిల్ రంధ్రం లేని ఇంజన్లలో దాన్ని పైన పెడితే ఆ బేరింగ్ కీ, దాన్నుంచి క్రాంక్ లోపలి దారిలో ఆయిల్ తాగే బిగ్ ఎండ్ కీ చుక్క కూడా పోదు, నిమిషాల్లో పట్టేస్తది. కొన్ని ఇంజన్లకి రెండు షెల్స్ కీ గాడి ఉంటది, అది కంపెనీ లెక్క ప్రకారం చేసిందే, బుక్ చూసి దాని ప్రకారం పొండి. ఏదైనా సరే, షెల్ పెట్టగానే బ్లాక్ లో ఉన్న ఆయిల్ రంధ్రం షెల్ రంధ్రంతో కలిసిందా లేదా అని టార్చ్ వేసి చూడటం మర్చిపోవద్దు.

షెల్ కూర్చోబెట్టేటప్పుడు వీపు పొడిగా ఉండాలి, ఆయిల్ గ్రీజు ఏమీ వద్దు. షెల్ లో పుట్టే వేడి వీపు మీదుగానే రాడ్ లోకి, బ్లాక్ లోకి పోవాలి, మధ్యలో ఆయిల్ ఉంటే ఆ దారి చెడుద్ది, షెల్ పట్టు కూడా తగ్గుద్ది. షెల్ కి ఉండే చిన్న నాలుక చోటు చూపించడానికే, తిరక్కుండా ఆపేది అది కాదు. షెల్ కొసలు క్యాప్ అంచు కన్నా వెంట్రుకవాసి పైకి ఉంటాయి, టార్క్ ఇచ్చినప్పుడు అవి రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుని షెల్ ని దాని గూట్లో గట్టిగా ఇరికిస్తాయి, ఆపేది అదే. ఎక్కువుంది కదా అని ఆ కొసల్ని గానీ క్యాప్ ని గానీ ఆకురాయి పెట్టి అరగదీసేవాళ్ళని చూశా, దయచేసి ఆ పని చెయ్యకండి. క్యాప్ అరగదీస్తే లోపలి గుండ్రం పోయింది, గుండ్రం పోతే మేకు సందు పోయింది. ఒక రాడ్ క్యాప్ ఇంకో రాడ్ కి వేసినా అదే జరుగుద్ది.

నాలుగో స్టెప్ సందు కొలవడం, ఈ పని మొత్తానికి గుండెకాయ ఇదే. మామూలు లెక్క ఏంటంటే పిన్ సైజులో వెయ్యో వంతు దగ్గర్లో, అంటే 60 ఎంఎం పిన్ కి 0.06 ఎంఎం అటూ ఇటూ. అసలు హద్దులు మాత్రం బుక్ లోవే. ప్లాస్టీగేజ్ అని మైనం దారం లాంటిది దొరుకుద్ది, పచ్చది 0.025 నుంచి 0.076 దాకా, ఎర్రది 0.051 నుంచి 0.152 దాకా కొలుస్తది. పిన్ మీద, షెల్ మీద ఆయిల్ మొత్తం తుడిచెయ్యండి, ఆ దారం ఆయిల్ లో కరుగుద్ది. షెల్ వెడల్పంత ముక్క కోసి పిన్ మీద పొడుగునా, అంటే క్రాంక్ పడుకున్న దిక్కులోనే పెట్టండి, రంధ్రం మీద కాకుండా. క్యాప్ వేసి బుక్ లో ఉన్న టార్క్ పూర్తిగా ఇవ్వండి. క్రాంక్ గానీ రాడ్ గానీ ఇంచి కూడా కదలకూడదు, కదిలితే దారం పూసుకుపోయి తప్పు చూపిస్తది. మళ్ళీ విప్పి, నలిగిన దారం వెడల్పుని కవర్ మీద ఉన్న గీతలతో పోల్చండి. వెడల్పుగా నలిగితే సందు తక్కువ, సన్నగా ఉంటే సందు ఎక్కువ, కొత్తవాళ్ళు ఇక్కడే తిరగేసి చదువుతారు. ఒక కొస వెడల్పు ఒక కొస సన్నం అయితే టేపర్ ఉంది. పని అయ్యాక దారాన్ని ఆయిల్ గుడ్డతో తుడిచెయ్యండి, గోరుతోనో బ్లేడుతోనో గీకొద్దు. గుడ్డులా అరిగిన పిన్ అయితే అరిగిన వైపు ఒకసారి, అరగని వైపు ఒకసారి కొలవాలి.

సందు తక్కువైతే ఎందుకు చెడ్డది అంటే, ఆయిల్ తగినంత పారక వేడి బయటికి పోదు, వేడెక్కిన ఆయిల్ పల్చబడుద్ది, ఇనుము వ్యాకోచించి ఉన్న సందు కూడా పోతది. ఎక్కువైతే మేకు ఏటవాలు ఎక్కువై ప్రెషర్ పుట్టే చోటు చిన్నదైపోతది, ఆయిల్ పక్కల నుంచి కారిపోతది. ఎంత కారుద్ది అంటే సందు రెట్టింపైతే కారుడు ఎనిమిది రెట్లు, ఇక్కడ కూడా మూడో ఘాతమే.

దీనికి నా చేతి మీదుగా పోయిన ఒక ట్రాక్టర్ కథ చెప్తా. మూడు సిలిండర్ల ఇంజన్, తణుకు వైపు పొలాల్లో దమ్ము చేసే బండి. వేరే చోట షెల్స్ మార్పించుకున్నారు, 200 గంటలు కూడా తిరక్కముందే వేడి మీద స్లో లో పెడితే ఆయిల్ మీటర్ అర బార్ కి పడిపోతోంది, రేస్ ఇస్తే మళ్ళీ లేస్తోంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రం అంతా బాగానే చూపిస్తోంది. పంపు పోయిందని పంపు మార్చారు, ఏమీ తేడా లేదు, ఆ తర్వాత మా దగ్గరికొచ్చింది. చల్లగా ఉంటే బాగుండి వేడి మీద స్లో లో పడిపోవడం అంటే పంపు కన్నా ముందు సందుల్నే అనుమానించాలి, ఎందుకంటే 15డబ్ల్యు-40 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీలకి వచ్చేసరికి ఏడో వంతో ఎనిమిదో వంతో మిగులుద్ది, కారే చోటుంటే అప్పుడే బయటపడుద్ది.

రెండో బిగ్ ఎండ్ విప్పి పిన్ కొలిస్తే ఒక దిక్కు 59.98, ఇంకో దిక్కు 59.93, అసలు సైజు 60.00. అరిగి గుడ్డులా అయిన పిన్ మీద కొత్త స్టాండర్డ్ షెల్స్ పెట్టి బిగించేశారన్నమాట. ఎర్ర దారం పెట్టి చూస్తే అరిగిన వైపు 0.15 కి దగ్గర, బుక్ లో హద్దు 0.05 నుంచి 0.10. కొత్తగా ఉన్నప్పుడు 0.075 ఉండాల్సిన సందు దాదాపు రెట్టింపైంది, అంటే ఆ ఒక్క బేరింగే దాదాపు ఎనిమిది బేరింగుల ఆయిల్ తాగుతోంది. షెల్ చూస్తే రాడ్ వైపు రాగి తేలింది, క్యాప్ వైపు దాదాపు కొత్తగానే ఉంది. మెయిన్లు హద్దులోనే ఉన్నా పై అంచుకి దగ్గర్లో ఉన్నాయి, క్రాంక్ ఎలాగూ గ్రైండింగ్ కి పోతోంది కాబట్టి పిన్నులు, మెయిన్లు అన్నీ 0.25 అండర్ సైజ్ కి దించి ఆ సైజు షెల్స్ వేశాం. పిన్ 59.75 కి వచ్చింది, మళ్ళీ దారం పెడితే 0.075. వేడి మీద స్లో లో మీటర్ ఒకటిన్నర బార్ దగ్గర నిలబడింది. పంపు మార్చక ముందే మైక్రోమీటర్ తీసి ఉంటే ఆ రైతుకి పంపు డబ్బులు మిగిలేవి, నాట్ల సమయంలో పోయిన పది రోజులూ మిగిలేవి, అది గుర్తొస్తే నాకిప్పటికీ బాధే.

అయిదో స్టెప్, చివరి బిగింపు. షెల్ లోపలి ముఖం మీద, పిన్ మీద శుభ్రమైన ఇంజన్ ఆయిల్ బాగా రాయండి, ఇంజన్ వెంటనే స్టార్ట్ చేసేది లేకపోతే అసెంబ్లీ లూబ్ వాడండి, అది కారిపోకుండా పట్టుకుని ఉంటది. బోల్టులు రెండు మూడు విడతల్లో టార్క్ చెయ్యండి, ప్రతి క్యాప్ బిగించాక క్రాంక్ ని చేత్తో తిప్పి చూడండి, ఏ క్యాప్ దగ్గర బిగుసుకుందో అక్కడే ఆగి విప్పాలి. అన్నీ బిగించాక తిప్పితే ఏది తప్పో తెలీదు.

ఆరోది, మంట లేకుండా ఆయిల్ ఎక్కించడం. కొత్త ఫిల్టర్ లో ఆయిల్ నింపి పెట్టండి, స్టాప్ నాబ్ లాగి పట్టుకుని డీజిల్ అందకుండా స్టార్టర్ కొట్టండి, పది పదిహేను సెకన్లు కొట్టి మోటార్ చల్లబడనిచ్చి మళ్ళీ, అలా మీటర్ కదిలేదాకా. మంట లేదు కాబట్టి పిన్ మీద పెద్ద బరువుండదు, ఆయిల్ అన్ని దారుల్లోకీ పోతది. మీటర్ లేవకపోతే స్టార్ట్ చెయ్యనే వద్దు, ఎందుకు లేవలేదో చూడండి. లేచాక స్టార్ట్ చేసి 1000, 1200 ఆర్పీఎం దగ్గర ఉంచండి, స్టార్ట్ అవ్వగానే రేస్ ఇచ్చి చప్పుడు వినే అలవాటు మానుకోండి.

ఆ తర్వాత బండి నడిపే మనిషికి ఒక మాట చెప్పాలి. దమ్ములో పెద్ద గేరు వేసి, ఇంజన్ గుడగుడలాడుతూ 1000 ఆర్పీఎం కి దిగిపోయినా యాక్సిలేటర్ తొక్కి లాగించేస్తారు, డీజిల్ కలిసొస్తుందని. అప్పుడు పిన్ స్పీడ్ తక్కువ, కాబట్టి మేకులోకి ఆయిల్ ఈడ్చుకుపోయే బలం తక్కువ, బరువేమో పూర్తిగా ఉంటది, పొర అతి పల్చబడేది అప్పుడే. ఒక గేరు దించి ఆర్పీఎం పెంచితే అదే పని చేస్తా పొర మందంగా ఉంటది. ఎక్కువ స్పీడ్ లో అరుగుతుంది అనే నమ్మకం బేరింగ్ విషయంలో చాలావరకు తిరగబడి ఉంటది.

ఆయిల్ లో డీజిల్ కలిస్తే చిక్కదనం పోతది, నీళ్ళు కలిస్తే పాల రంగుకొచ్చి పొర తెగుద్ది. డిప్ స్టిక్ మీద లెవల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోందంటే రెంటిలో ఏదో ఒకటి జరుగుతోంది, అదే రోజు చూడాలి. ఇక మొదటి 50 గంటలకి ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్ ని కోసి కాగితం మడతలు విప్పి ఎండలో పెట్టి చూడండి. బూడిద రంగు సన్నటి రజను కాస్త ఉంటే పర్లేదు, మెరిసే పొట్టు రేకులు గానీ రాగి రంగు గానీ కనిపిస్తే మీటర్ బాగానే ఉందని ఊరుకోకుండా సంప్ దించి ముందు బిగ్ ఎండ్ క్యాప్ లు విప్పి చూడండి.